ప్రిపరేషన్ గ్రూపులో వెటకారాలు: టెన్షన్ తగ్గుతోందా, పెరుగుతోందా?

ఐదో కుర్చీ:
చిక్కడపల్లి లైబ్రరీ దగ్గర ఐదుగురం కలిసి గ్రూప్-2కి చదువుతున్నాం. రోజూ సాయంత్రం ఆరింటికి 50 బిట్ల టెస్ట్, తక్కువ వచ్చినవాడు అందరికీ చాయ్ తాగించాలి. ఎవరు తప్పు చెప్పినా మిగతా నలుగురూ ఆడుకుంటారు. మొదట్లో ఆ నవ్వులతోనే రోజు గడిచిపోయేది. ఇప్పుడు పరీక్ష దగ్గరపడేసరికి నాలుగింటి నుంచే కడుపులో తిప్పుతోంది. తేడా నాలో వచ్చిందా, జోకుల్లో వచ్చిందా?

సరదా సత్తి:
నీలోనే బ్రో. జోకులు లేని గ్రూపులో ఒక్క నెల ఉండి చూడు, ఐదుగురూ ఐదు శవాల్లా కూర్చుంటారు. మా రూమ్‌లో ఒకడు పాలిటీలో 50కి 11 తెచ్చుకున్నాడు, ఆ రోజంతా వాణ్ని ఏడిపించాం, వాడూ మాతోపాటే నవ్వాడు, రాత్రికి హాయిగా పడుకున్నాడు. అదే వాడు ఒంటరిగా ఉంటే ఆ పేపర్ పట్టుకుని తెల్లవార్లూ కూర్చునేవాడు. రేపు ఉద్యోగం వచ్చాక పై ఆఫీసర్ పదిమందిలో తిడితే అప్పుడూ కడుపులో తిప్పుతోందని సెలవు పెడతావా?

గోదారి గట్టు:
తమ్ముడూ, ఇది చిన్న విషయం కాదు. ర్యాగింగ్ మీద మన దగ్గర 1997లోనే చట్టం వచ్చింది. ఎవరెవరు ఏమన్నారో తేదీలతో రాసిపెట్టుకుని ప్రిన్సిపాల్‌కి కంప్లయింట్ ఇవ్వు.

ఐదో కుర్చీ:
అన్నా, మాకు ప్రిన్సిపాల్ ఎక్కడున్నాడు 😀 మాది కాలేజీ కాదు, వాళ్లు నా ఫ్రెండ్సే. వాళ్లమీద కోపం కూడా లేదు.

పాత కాపు:
అశోక్‌నగర్‌లో మూడేళ్లు ఉన్నాను, రెండు గ్రూపులు చూశాను, ఒకటి నిలబడింది, ఒకటి నా కళ్లముందే విడిపోయింది, కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను.

మా మొదటి గ్రూపులో ఒకతను ఉద్యమ చరిత్ర చదివేటప్పుడు ఆరు సూత్రాల పథకం 1969లో వచ్చిందన్నాడు. 1969 ఏప్రిల్‌లో ఇందిరాగాంధీ ప్రకటించింది ఎనిమిది సూత్రాలు, ఆ తర్వాత 1972 నవంబర్‌లో ఐదు సూత్రాలు, 1973 సెప్టెంబర్‌లో ఆరు సూత్రాలు. మాకు నవ్వడానికి అది చాలు. ఆ రోజు నుంచి అతని పేరు 'రెండు సూత్రాలు', ఎనిమిదిలోంచి ఆరు తీసేస్తే మిగిలింది. అతను చాయ్ తాగడానికి లేస్తే "సూత్రాలు కదిలాయి" అనేవాళ్లం. అతనే పగలబడి నవ్వేవాడు. ఫలితం ఏంటంటే 8, 5, 6 అనే ఆ వరుస మా ఐదుగురిలో ఎవరికీ ఇప్పటికీ తప్పదు. ఆ జోకు ఒక తప్పు బిట్ మీద పడింది, ఆ బిట్ సరిదిద్దుకోగానే అతను గెలిచినట్టే.

నోటిఫికేషన్ వచ్చాక మాట మారింది. అదే మనిషి ఏదైనా బిట్ తప్పితే ఎవరో ఒకరు "నాలుగో అటెంప్ట్ కదా, అలవాటైపోయిందిలే" అనడం మొదలైంది. నవ్వు అదే, గొంతు అదే. కానీ నాలుగో అటెంప్ట్ అనేదాన్ని అతను రాత్రి కూర్చుని సరిదిద్దుకోలేడు కదా. వయసు, ఇంట్లో పంపే డబ్బులు, తోటివాళ్ల పెళ్లిళ్లు, ఇవన్నీ ఆ ఒక్క మాటలో వచ్చేస్తాయి.

మాకు ఎలా తెలిసిందో చెప్తాను, ఎందుకంటే అతను ఎప్పుడూ బాధపడినట్టు కనిపించలేదు. మొదట, మనం అనకముందే తనమీద తనే జోకు వేసుకోవడం మొదలుపెట్టాడు, మేం అది సరదా అనుకున్నాం. తర్వాత డౌట్లు అడగడం మానేశాడు. ఆ తర్వాత టెస్ట్ పేపర్ తనే దిద్దుకుని 38 అని చెప్పాడు, ఒకరోజు అనుకోకుండా నా చేతికి వస్తే చూశాను, 29. తప్పులు చూపించుకోడానికి పెట్టుకున్న గ్రూపులో మనిషి తప్పులు దాచుకుంటుంటే ఇంక ఆ టెస్ట్ ఎందుకు? నెలలోపే అతను వేరే స్టడీ హాల్‌కి మారిపోయాడు. కారణం మాత్రం ఫ్యాన్ సరిగ్గా తిరగట్లేదన్నాడు.

సరదా సత్తి:
అన్నా, అటెంప్ట్ గురించి అనడం తప్పే, ఒప్పుకుంటా. కానీ అది పంచ్ వేసినవాడి తప్పు. పంచ్‌లే వద్దంటే ఎలా?

బొద్దింక:
సైకాలజీ పీజీ చేశాను, నా పేరు ఎందుకు ఇలా పెట్టుకున్నానో ఇప్పుడు తెలుస్తుంది. 1969లో జాయాంక్ అనే ఆయన, తన సహచరులతో కలిసి బొద్దింకల మీద ఒక ప్రయోగం చేశాడు. లైటు వేసి వాటిని పరిగెత్తించారు, పక్కన చూడటానికి వేరే బొద్దింకలను పెట్టారు. దారి తిన్నగా ఉంటే చూసేవాళ్లున్నప్పుడు వేగంగా వెళ్లాయి. దారి మలుపు తిరిగి ఉంటే చూసేవాళ్ల ముందు ఎక్కువ సమయం తీసుకున్నాయి. మనుషుల్లోనూ ఇలాంటిదే చాలాసార్లు చూశారు, బాగా వచ్చిన పని నలుగురి ముందు ఇంకా బాగా వస్తుంది, ఇంకా పట్టుబడని పని తడబడుతుంది.

అందుకే నేను అడిగేది జోకు ఏంటని కాదు, ఎప్పుడు పడుతోందని. మూడుసార్లు రివిజన్ అయిన హిస్టరీ బిట్ల మీద వెటకారం పడితే మెదడు చురుగ్గా లేస్తుంది. నిన్ననే మొదలుపెట్టిన డేటా ఇంటర్‌ప్రెటేషన్ లెక్క చేస్తుంటే పక్కవాడు "అయ్యిందా సార్, చాయ్ చల్లారిపోతోంది" అన్నాడనుకోండి, శాతాలు పట్టుకోవాల్సిన బుర్రలో సగం చోటు వాడి మాటే తీసుకుంటుంది. ఐదో కుర్చీ గారూ, మీకు కడుపులో తిప్పేది అన్ని సబ్జెక్టుల రోజూనా, కొన్నింటికేనా?

ఐదో కుర్చీ:
ఇది ఆలోచించలేదు. హిస్టరీ రోజు నేనే ముందు వెళ్లి కూర్చుంటాను. రీజనింగ్, లెక్కల రోజే. నేను బీఏ, మిగతా నలుగురూ బీటెక్.

ఒక్క మార్కు:
నాది సీఏ ఇంటర్, విజయవాడ. మాకు ప్రతి పేపర్లో 40, మొత్తం మీద సగం రావాలి. ఒక పేపర్లో 39 వచ్చి ఆ గ్రూప్ పరీక్ష పోయింది. మా వాట్సాప్ గ్రూపులో ఆ రాత్రే నా ఫొటో మీద 39 అని రాసి స్టిక్కర్ చేశారు. ఎదురుగా అని ఉంటే నవ్వేదాన్నేమో, ఎందుకంటే ఆ చేసిన పిల్ల నా భుజం మీద చెయ్యి వేసి అంటుంది. ఫోన్‌లో ఆ చెయ్యి ఉండదు కదా. పైగా స్టిక్కర్ పోదు, తర్వాతి అటెంప్ట్ ముందు రోజు కూడా ఎవరో పంపారు. నేను గ్రూప్ మ్యూట్ చేశాను, దాంతో వాళ్లు పెట్టిన అమెండ్‌మెంట్స్ పీడీఎఫ్ కూడా మిస్సయ్యాను. మీ ప్రశ్నకి ఇది జవాబో కాదో తెలీదు.

పాత కాపు:
జవాబే అమ్మా. మా రెండో గ్రూపులో జోకులన్నీ చాయ్ కొట్టు దగ్గరే, ఫోన్‌లో మెటీరియల్ మాత్రమే అనుకున్నాం. కొత్త టాపిక్ మొదటి వారం మార్కులు బయటికి చదవలేదు, ఎవరి పేపర్ వాళ్లే దిద్దుకున్నారు. పరీక్షకి చివరి పది రోజులు చాయ్ పందెం కూడా ఆపేశాం.

సరదా సత్తి:
చాయ్ పందెం ఆపడం ఒప్పుకోను. పది రూపాయల భయం కూడా లేకపోతే ఎవడూ టైమ్‌కి రాడు. మా దగ్గర ఆపిన వారమే ఇద్దరు డుమ్మా.

బొద్దింక:
డబ్బు సమస్య కాదు సత్తి గారూ, రోజూ ఒకరే ఇస్తుంటే సమస్య. మీ రూమ్‌లో గత రెండు వారాల్లో చాయ్ ఎవరెవరు ఇచ్చారో గుర్తుందా?

సరదా సత్తి:
... ఆ 11 మార్కుల వాడే ఎక్కువ. కానీ వాడు నవ్వుతూనే ఇస్తాడు.

ఐదో కుర్చీ:
నిన్న టెస్ట్ ముందు చెప్పేశాను, లెక్కల రోజు నా మార్కులు చదవొద్దని. ఒకడు "బీఏకి రిజర్వేషన్ ఇచ్చాం" అన్నాడు, అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. మార్కులు మాత్రం చదవలేదు. 22 వచ్చాయి. రైళ్ల లెక్క ఒకటి ఎందుకు తప్పిందో పక్కవాణ్ని అడిగి చేయించుకున్నాను, అలా ఎవర్నైనా డౌట్ అడిగి మూడు వారాలైంది. ఆ రిజర్వేషన్ మాట మంచిదో చెడ్డదో ఇంకా తేల్చుకోలేదు.