ఇద్దరు టీచర్లు, 45 నిమిషాల పీరియడ్: స్టేషన్లు ముందా, సమాంతర గ్రూపులు ముందా?

అందరికీ నమస్కారం. ఆరో తరగతిలో 36 మంది పిల్లలకు భిన్నాల కూడిక నేను, మరో టీచరు కలిసి చెప్పబోతున్నాం. పిల్లలు గ్రూపులుగా ఒకదాని తర్వాత ఒకటి తిరిగే మూడు స్టేషన్లు అనుకున్నాం. ఆవిడ దగ్గర కాగితపు పట్టీలతో సమాన భిన్నాలు, నా దగ్గర 1/2 + 1/3 లాంటి లెక్కలు, మూడోది పిల్లలే సొంతంగా చేసుకునే అభ్యాసం. ఒక్కోదానికి 12 నిమిషాలు, మారడానికి రెండుసార్లు రెండేసి నిమిషాలు. అంటే 40 అక్కడే అయిపోతాయి.

టైము సంగతి సరే, అసలు చిక్కు వరుసలో ఉంది. నా దగ్గర మొదలుపెట్టే గ్రూపుకి 1/2 అంటే 3/6 అని ఇంకా తెలియదు. వాళ్లు పైవి పైవి, కిందవి కిందవి కూడేసి 2/5 అంటారు. ఏ స్టేషనూ మరోదాని మీద ఆధారపడకూడదు కదా!

అందుకని ఇలా మార్చాలనుకుంటున్నాం: ముందు తరగతిని రెండు సమాంతర గ్రూపులుగా సగం చేసి, ఇద్దరం చెరో గ్రూపుకి సమాన భిన్నాలే 15 నిమిషాలు చెబుతాం. తర్వాత రెండు ప్రశ్నల చీటీ. అందులో తడబడినవాళ్లను ఒకరం పట్టీలతో కూర్చోబెడితే, మిగతావాళ్లతో మరొకరు కూడిక మొదలుపెడతారు. స్టేషన్లు మర్నాటికి.

ఇలా చేసినవాళ్లు చెప్పండి: ఒకే గదిలో రెండు గొంతులు కలిసిపోకుండా గ్రూపుల్ని ఎలా కూర్చోబెట్టారు? చీటీలు దిద్దే ఆ రెండు మూడు నిమిషాలు పిల్లలకు ఏం పని ఇచ్చారు? చిన్న గ్రూపులో కూర్చున్నవాళ్లు ఆ కాసేపట్లో పోయిన కూడికను మర్నాడు ఏ స్టేషన్‌లో అందుకుంటారు?