విశ్రాంతి రోజున తిండి తగ్గించాలా?

వేకువ పరుగు: హైదరాబాద్ మారథాన్ కోసం సాధన చేస్తున్నాను, బరువు 65 కిలోలు. ఆదివారం 24 కిలోమీటర్లు పరుగెత్తి, సోమవారం విశ్రాంతి తీసుకుంటాను. ఆ రోజు తిండి తగ్గించాలా? ఆకలి మాత్రం ఆదివారం కంటే సోమవారమే ఎక్కువగా వేస్తోంది.

గుంటూరు మిత్రుడు: తప్పకుండా తగ్గించాలండీ. పరుగు లేని రోజున ఆ ఖర్చూ ఉండదు కాబట్టి మధ్యాహ్నం అన్నం సగానికి తగ్గించి, రాత్రి మజ్జిగతో సరిపెట్టుకోవచ్చు. నేను బరువు తగ్గింది ఇలాగే.

పరుగు శిక్షకురాలు: ఖర్చు తగ్గుతుందన్నది నిజమే, కానీ ఆదివారం లెక్క ఆదివారంతో తీరిపోదు. పరుగులో కిలో బరువుకు, కిలోమీటరుకు సుమారు ఒక కేలరీ ఖర్చవుతుంది కనుక వీరికి ఆ ఒక్క పూటలోనే 1,500 కేలరీలకు పైగా పోతాయి. కఠినమైన పరుగు తర్వాత కొన్ని గంటలపాటు చాలామందికి ఆకలి మందగిస్తుంది. ఆ పూట రెండు ఇడ్లీలతో లేచిపోయినవారికి లోటు సోమవారం ఆకలిగా బయటపడుతుంది. కండరాల్లో ఇంధనంగా నిల్వ ఉండే గ్లైకోజెన్ ఖాళీ అయ్యాక తిరిగి నిండటానికి ఒక రోజు పడుతుంది, తిండి చాలకపోతే ఇంకా ఆలస్యమవుతుంది.

అందువల్ల సోమవారం రోజూ తినే భోజనమే తినండి. పరుగుకు ముందు తినే అరటిపండు, దారిలో తాగే తీపి పానీయం మాత్రం మానేస్తే చాలు. అసలు సవరణ ఆదివారం జరగాలి: పరుగు ముగిసిన గంటలోపు ఆకలి లేకపోయినా మూడు ఇడ్లీలు, ఒక అరటిపండు, రెండు గుడ్లు తిని చూడండి. మంగళవారం తేలికపాటి పరుగులోనే కాళ్లు బరువెక్కినా, గుండె వేగం మామూలుకంటే పెరిగినా, తిండి చాలలేదేమోనని అనుమానించాలి.

సాయంత్రం నడక: నేను రోజూ ముప్పావు గంట నడిచి, ఆదివారం మానేస్తాను. మరి నేనూ అలాగే తినవచ్చా?

పరుగు శిక్షకురాలు: మీ సంగతి వేరు. ఆ నడకకయ్యే అదనపు ఖర్చు ఒకటి రెండు చపాతీలకు మించదు కాబట్టి, ఆదివారం కోసం ప్రత్యేకంగా ఏదీ మార్చనక్కరలేదు.

గుంటూరు మిత్రుడు: బరువు తగ్గాలనుకునేవారు వారం మొత్తంలో ఎక్కడో ఒకచోట కోత పెట్టాలి కదా? పైగా సోమవారం ఆకలిలో సగం, ఇంట్లో కూర్చోవడం వల్ల వచ్చే చిరుతిండి అలవాటేనని నా అభిప్రాయం.

పరుగు శిక్షకురాలు: వారం లెక్కే ముఖ్యమన్న మాటను ఒప్పుకుంటాను, కానీ ఆ కోతను దీర్ఘ పరుగు మర్నాడు కాకుండా, తేలికపాటి పరుగులుండే బుధ, గురువారాల్లో కొద్దికొద్దిగా పెట్టడం మేలు. మంగళవారం తూకం కాస్త పెరిగినా బెదరకండి, గ్లైకోజెన్‌తో పాటు నీరు కూడా నిల్వ చేరుతుంది. ఇక అలవాటు మాట మీరన్నట్లు కొంత నిజం కావచ్చు; ఏది ఆకలో, ఏది అలవాటో బయటివారు తేల్చలేరు.

వేకువ పరుగు: ఆదివారం పరుగు తర్వాత నేను తాగేది కాఫీ ఒక్కటే, భోజనం ఒంటిగంటకు. ఈ వారం ముందు దాన్నే మారుస్తాను. సోమవారం రాత్రి మజ్జిగ విషయంలో మాత్రం ఇంకా తేల్చుకోలేదు.