నాలుగేళ్ల స్టాక్ అయిపోతోంది, రిఫ్రెషర్ లెక్క తేలడం లేదు

నల్లగండ్ల విజయ్
సాయంత్రం నుంచి ఎక్సెల్ ముందే కూర్చున్నా, తల వాచిపోతోంది. మాది అమెరికన్ కంపెనీ, హైదరాబాద్ ఆఫీసు. చేరినప్పుడు ఇచ్చిన ఆర్‌ఎస్‌యూలు, అంటే నాలుగేళ్లలో విడతలుగా ఇచ్చే కంపెనీ షేర్లు, ఈ మార్చితో పూర్తిగా వెస్ట్ అయిపోతాయి, అంటే అన్నీ నా చేతికి వచ్చేస్తాయి. ఏటా రిఫ్రెషర్ పేరుతో కొత్త గ్రాంట్ కూడా ఇస్తున్నారు. "మీ స్టాక్ ఏడాదికి 20,000 డాలర్లకు తగ్గకుండా చూస్తున్నాం" అంటుంది హెచ్‌ఆర్. ఈ ఏడాది నాకు వచ్చేది 58,000. వచ్చే ఏడాదికి పోర్టల్‌లో కనిపిస్తున్నది 18,000. వాళ్లు చెప్పిన 20,000 ఎక్కడా రావడం లేదు. ఎక్కడ తప్పుతోంది? ఇంటి ఈఎంఐ ఈ డబ్బు నమ్ముకుని పెట్టుకున్నా, టెన్షన్‌గా ఉంది.

కె. రావు
గ్రాంట్ అగ్రిమెంట్ చదవండి. అన్నీ అందులోనే ఉంటాయి.

పన్నుల ప్రసాద్
అది సరే, పన్ను రిటర్నులో విదేశీ ఆస్తులు చూపించే షెడ్యూల్ ఎఫ్‌ఏ నింపుతున్నారా? చాలామంది ఐటీఆర్-1 వేసేసి చేతులు దులుపుకుంటున్నారు. విదేశీ షేర్లు ఉంటే ఐటీఆర్-2 వేయాలి. అమ్మకపోయినా చూపించాల్సిందే. పైగా అందులో మన ఆర్థిక సంవత్సరం కాదు, జనవరి నుంచి డిసెంబర్ వరకు లెక్క. నోటీసు వచ్చాక ఇక్కడికొచ్చి అడిగితే లాభం లేదు.

నల్లగండ్ల విజయ్
నింపుతున్నానండీ. నా ప్రశ్న అది కాదు.

చైతన్య
సింపుల్ బ్రో. రిఫ్రెషర్ అంటే మొదటి గ్రాంట్‌లో నాలుగో వంతు ఇవ్వాలి, అది రూల్. మీకు తక్కువ ఇచ్చుంటారు. మేనేజర్‌ని గట్టిగా అడగండి.

శ్రీలత
విజయ్ గారూ, అసలైనవి చెప్పలేదు మీరు. మొదటి గ్రాంట్ ఎన్ని డాలర్లు, ఆ రోజు షేరు ధర ఎంత? రిఫ్రెషర్లు ఏ ధరల దగ్గర వచ్చాయి, ఎన్నేళ్లకు వెస్ట్ అవుతాయి? ఈ ఏడాది రిఫ్రెషర్ పోర్టల్‌లోకి ఎక్కిందా?

నల్లగండ్ల విజయ్
అవన్నీ అందరికీ ఒకేలా ఉంటాయనుకున్నా. మొదటిది 80,000 డాలర్లు, అప్పుడు షేరు 100. ఏటా 20,000 డాలర్ల రిఫ్రెషర్, ప్రతిదీ నాలుగేళ్లకు. మొదటి రిఫ్రెషర్ 125 దగ్గర, తర్వాతి రెండూ 200 దగ్గర. ఇప్పుడూ 200 దగ్గరే ఉంది. ఈ ఏడాదిది మార్చి రివ్యూ అయ్యాక వస్తుందట.

శ్రీలత
అయితే తప్పేమీ లేదు. డాలర్లు పక్కనపెట్టి షేర్లలో లెక్కేయండి, ఎందుకంటే గ్రాంట్ రోజు డాలర్లు షేర్లుగా మారిపోతాయి, ఆ తర్వాత మారేది ధర ఒక్కటే.

80,000 డాలర్లు వంద చొప్పున 800 షేర్లు, ఏడాదికి 200. మొదటి రిఫ్రెషర్ 160 షేర్లు, ఏడాదికి 40. తర్వాతి రెండూ వందేసి, అంటే ఏడాదికి 25, 25. నాలుగో ఏడాది ఇవన్నీ ఒకదాని మీద ఒకటి పడ్డాయి: 200, 40, 25, 25 కలిపి 290 షేర్లు. ఒక్కోటి 200 డాలర్లు కాబట్టి 58,000.

ఐదో ఏడాది మొదటి గ్రాంట్ తాలూకు 200 షేర్లు పోతాయి. పాత రిఫ్రెషర్లవి 90 మిగులుతాయి, అదే పోర్టల్ చూపిస్తున్న 18,000. మార్చిలో రాబోయేది పోర్టల్‌కి తెలియదు. అది కూడా ఇదే ధర దగ్గర వస్తే ఏడాదికి ఇంకో 25 కలిసి 115 షేర్లు, 23,000 డాలర్లు. ఆరో ఏడాది మొదటి రిఫ్రెషర్ కూడా అయిపోయి, దాని బదులు ఇంకో కొత్తది చేరి నాలుగు ఇరవై అయిదులు, వంద షేర్లు, 20,000. హెచ్‌ఆర్ చెప్పిన అంకె అక్కడ కనిపిస్తుంది. షేరు ధర కదలకుండా ఏటా అంతే ఇస్తూ పోతే అక్కడే నిలుస్తుంది.

నల్లగండ్ల విజయ్
అంటే 58 నుంచి 23కి పడిపోవడం మామూలేనా?

శ్రీలత
మీలాగా షేరు పెరిగినవాళ్లకు మామూలే. ఆ 58లో 20 మాత్రమే కంపెనీ మీకిద్దామనుకున్న ఏడాది స్టాక్. మొదటి గ్రాంట్ షేర్లు రెట్టింపు కావడం వల్ల ఇంకో 20 వచ్చింది. మిగతా 18 రిఫ్రెషర్లు దాని మీద పేరుకోవడం వల్ల. నిజానికి మొదటి మూడు రిఫ్రెషర్లు ఐదో ఏడాది గోతిని పూడ్చడానికి ముందే వేసిన మట్టి. అవి లేకపోతే మార్చి తర్వాత మీకు వచ్చేది 25 షేర్లే, 5,000 డాలర్లు.

చైతన్య గారూ, నాలుగో వంతు రూల్ కాదు. రిఫ్రెషర్ కూడా నాలుగేళ్లకు వెస్ట్ అయ్యే చోట, మొదటి స్థాయి నిలబడాలంటే అంత కావాలి, అంతే. ఇవ్వాలని ఎవరూ రాసివ్వరు. రేటింగును బట్టి పెరుగుతుంది, తగ్గుతుంది, ఒక్కోసారి సున్నా. కొన్ని కంపెనీలు షేరు పెరిగి మీకు వచ్చే ఏడాది ఎక్కువ వెస్ట్ అవుతోందని చూసి కొత్త గ్రాంట్ కోసేస్తాయి కూడా.

చైతన్య
మరి ఫారం 16లో 58,000 మొత్తం జీతమే అని చూపించి పన్ను కోస్తారు కదా! పన్ను దగ్గర 58, ఇంక్రిమెంట్ దగ్గర 20. ఇదేం న్యాయం?

శ్రీలత
పన్ను వెస్ట్ అయిన రోజు విలువ మీద. జీతం ప్లాన్ చేసేది గ్రాంట్ రోజు విలువ మీద. షేరు సగానికి పడితే ఇదే లెక్క మీకు అనుకూలంగా మాట్లాడుతుంది, 20,000 డాలర్లకు 200 షేర్లు వస్తాయి.

చైతన్య
నా బ్యాంకులో పడేదే నా జీతం. మీరు హెచ్‌ఆర్ వైపు మాట్లాడుతున్నారు.

శ్రీలత
కాంపెన్సేషన్ టీమ్‌లో పనిచేశాను కాబట్టి వాళ్లు దేనికి కదులుతారో చెబుతున్నా. "నాకు 58 వచ్చేది" అంటే మేనేజర్ చేతిలో సమాధానం రెడీగా ఉంటుంది, షేరు పెరగడం మా హామీ కాదు అంటాడు. అదే, మీ లెవెల్లో ఇప్పుడు బయటి నుంచి చేరేవాడికి ఎంత గ్రాంట్ ఇస్తున్నారో కనుక్కోండి. అది 1,60,000 అనుకుందాం, అతనికి ఏడాదికి 40,000 పడుతుంది. మీది 20 దగ్గర నిలుస్తుంది. ఆ తేడా చూపించి అడిగితేనే వాదన నిలుస్తుంది. అదీ రివ్యూ బడ్జెట్ ఖరారు కాకముందు అడగాలి. లెటర్ చేతికి వచ్చాక కదలడం కష్టం.

హరిత
మా స్టార్టప్‌లో నాలుగేళ్లయినా ఒక్క రిఫ్రెషర్ లేదు. ఈసాప్స్ ఇచ్చారు, ఎక్సర్‌సైజ్ చేసి వాటిని షేర్లుగా మార్చుకోవాలంటే మేమే డబ్బు కట్టాలట. ఈ లెక్క మాకూ పనిచేస్తుందా?

కె. రావు
అవి ఆప్షన్లు. వేరే పోస్టు పెట్టుకోండి.

పన్నుల ప్రసాద్
హరిత గారూ, లిస్ట్ కాని షేర్లకు ఎక్సర్‌సైజ్ రోజే పన్ను పడుతుంది, అమ్ముకునే దారి లేకపోయినా. అర్హత ఉన్న స్టార్టప్‌లకు ఆ పన్ను వాయిదా వేసుకునే వెసులుబాటు ఉంది, మీ కంపెనీకి ఆ అర్హత సర్టిఫికెట్ ఉందో లేదో ముందు అడగండి.

నల్లగండ్ల విజయ్
శ్రీలత గారూ, బయట ఆఫర్ ఒకటి ఉంది. మార్చి తర్వాత వెళ్లిపోతే?

శ్రీలత
మార్చి రిఫ్రెషర్‌తో కలిపి వెస్ట్ కాకుండా మిగిలేవి 40, 50, 75, 100, అంటే 265 షేర్లు, 53,000 డాలర్లు. అవి వదిలేసుకున్నట్టే. అలాగని ఆ 53ని కొత్త గ్రాంట్ మొత్తంతో పోల్చకండి. ఇక్కడ మొదటి ఏడాది మీ చేతికొచ్చేది 23, అక్కడ మొదటి ఏడాది ఎంత వెస్ట్ అవుతుందో అది చూడండి. చాలాచోట్ల మొదటి పన్నెండు నెలలు ఏమీ రాదు. ఆ ఏడాదికి సరిపడా జాయినింగ్ బోనస్ అడగండి. మీ కొత్త రిఫ్రెషర్‌కి కూడా అలాంటి ఏడాది ఆగుడు ఉంటే పైన చెప్పిన 23 రాదు, 18 దగ్గరే ఆగుతుంది. మీ ప్లాన్‌లో ఉందా?

నల్లగండ్ల విజయ్
అది చూడలేదండీ. ఎక్సెల్‌లో షేర్ల కాలమ్ పెట్టాక మాత్రం టాలీ అయింది, థాంక్స్. మేనేజర్‌తో గురువారం వన్ ఆన్ వన్ ఉంది.

చైతన్య
ఎంత ఇచ్చారో ఇక్కడ చెప్పండి బ్రో.

హరిత
ప్రసాద్ గారూ, ఆ సర్టిఫికెట్ ఎవరిస్తారు?