4×7 బాత్రూం: గాజు అడ్డం పెట్టాలా, వాటం ఒక్కటే చాలా? తలుపు లోపలికా, బయటికా?

ఖమ్మం_కొత్తిల్లు:
అమ్మానాన్నల గదికి అటాచ్డ్ బాత్రూం. లోపలి కొలత 4 అడుగుల వెడల్పు, 7 అడుగుల పొడవు. ఒక పొట్టి గోడలో తలుపు, ఎదురు పొట్టి గోడలో 2 అడుగుల వెడల్పు, అడుగున్నర ఎత్తు వెంటిలేటర్. అమ్మకి మోకాలి ఆపరేషన్ అయింది, స్టూల్ మీద కూర్చుని బకెట్ స్నానం. మా ఆవిడ గాజు పార్టిషన్ పెట్టి తడి, పొడి వేరు చేద్దామంటోంది. మేస్త్రి నీళ్లు పోయేలా నేల మొత్తానికి ఒకటే వాటం ఇచ్చి తలుపు మామూలుగా లోపలికే పెడదామంటున్నాడు. సోమవారం ప్లంబర్ వస్తాడు. ఎవరి మాట వినాలి?

ఇంటీరియర్_రవళి:
మీ మిసెస్ చెప్పిందే కరెక్ట్ అండి. గాజు లేకపోతే తడి, పొడి అనేదే లేదు, నీళ్లు కమోడ్ దాకా చిందుతాయి. 8 మిల్లీమీటర్ల టఫెన్డ్ గ్లాస్ వేయించండి, దానికి తలుపు కూడా పెట్టించండి. పొడి భాగంలో ఇంక వాటం అక్కర్లేదు, లెవెల్‌గా వేస్తే పెద్ద టైల్స్ అందంగా కుదురుతాయి. గాలికి ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెడితే సరిపోతుంది.

పైకప్పు_బాధితుడు:
ఏం చేసినా ముందు వాటర్‌ప్రూఫింగ్ చూసుకోండి. మా పై పోర్షన్ బాత్రూం కింద మా హాలు సీలింగ్ మూడేళ్లుగా చెమ్మ. రెండుసార్లు టైల్స్ సందులు నింపించాం, అయినా ఆగలేదు. చివరికి నేల తూము కింద ఉండే నానీ ట్రాప్ చుట్టూ పగలగొడితే ట్రాప్‌కీ పైపుకీ మధ్య అతుకే సరిగ్గా లేదని తేలింది. మీరు అడిగిన కారడం ఇదేనా?

ఖమ్మం_కొత్తిల్లు:
కారడం కాదండి, మాది కింది అంతస్తు, ఇంకా టైల్స్ కూడా వేయలేదు. ఎక్కడ ఏది పెట్టాలో అనేదే టెన్షన్. కానీ ట్రాప్ అతుకు సంగతి రాసి పెట్టుకున్నాను.

సైట్‌లో_22ఏళ్ళు:
గాజు గురించి తర్వాత మాట్లాడుకుందాం, ముందు మన ఇళ్లలో "పొడి భాగం" ఎంత పొడిగా ఉంటుందో చూడండి. కమోడ్ పక్కన జెట్ స్ప్రే ఉంటుంది, బేసిన్ దగ్గర ముఖం కడిగితే చిందుతుంది, వారానికోసారి ఫినాయిల్ వేసి బకెట్ నీళ్లతో నేలంతా కడుగుతాం. ఆ నీళ్లు ఎటు పోవాలి? లెవెల్‌గా వేసిన నేల మీద అక్కడే నిలుస్తాయి. రవళి గారూ, గాజు పెట్టినా పెట్టకపోయినా పొడి భాగానికీ వాటం కావాల్సిందే, కాకపోతే తక్కువగా.

తలుపు దగ్గర బేసిన్, మధ్యలో కమోడ్, చివర వెంటిలేటర్ కింద స్నానం. ఈ వరుస మార్చకండి. చివరి 3 అడుగులు తడి, ముందు 4 అడుగులు పొడి. పొడి భాగానికి అడుగుకి 3 మిల్లీమీటర్ల చొప్పున 12, తడి భాగానికి అడుగుకి 5 చొప్పున 15, అంటే తలుపు నుంచి చివరి గోడకి మొత్తం 27 మిల్లీమీటర్లు దిగుతుంది. గది నేలకన్నా బాత్రూం మొదలే అర అంగుళం కిందికి ఉంచుతారు కాబట్టి చివర్లో దాదాపు 40 కింద ఉంటుంది. ప్లంబర్ ట్రాప్ ఎత్తు దీన్ని బట్టే కట్టాలి. టైల్స్ వేసేటప్పుడు గుర్తొస్తే లాభం లేదు, ట్రాప్ అప్పటికే పైకి ఉండిపోతుంది, ఇక మేస్త్రి ఏ వాటం ఇచ్చినా నీళ్లు దాని చుట్టూ మడుగు కడతాయి.

మీ మేస్త్రి "ఒకటే వాటం" అంటే బహుశా అడుగుకి పావు అంగుళం ఇస్తాడు. పొడి భాగంలో అది నేను చెప్పినదానికి రెట్టింపు ఏటవాలు, తడి భాగంలోనూ ఇంకాస్త ఎక్కువే. నీళ్లు త్వరగా పోతాయి నిజమే, కానీ దాని మీద ప్లాస్టిక్ స్టూల్ నిలకడగా కూర్చోదు, మోకాలి ఆపరేషన్ అయినావిడ అడుగు వేస్తే పాదం ముందుకు జారినట్టు అనిపిస్తుంది.

బెజవాడ_శ్రీలక్ష్మి:
స్టూల్ మాట నూటికి నూరుపాళ్లు నిజం. మా అత్తగారి స్టూల్ కాళ్ల కింద మడిచిన గుడ్డ పెట్టేవాళ్లం. కానీ నాకొక డౌట్. రెండు భాగాలకీ రెండు ట్రాప్‌లు పెట్టిస్తే గొడవే ఉండదు కదా? మా ఇంట్లో అలాగే చేశాం, కాకపోతే కమోడ్ దగ్గరున్న జాలీలోంచి ఎండాకాలం వాసన, బొద్దింకలు వస్తున్నాయి. క్లీనింగ్ పౌడర్లు పోసీ పోసీ విసుగొచ్చింది.

సైట్‌లో_22ఏళ్ళు:
అమ్మా, పౌడర్ అవసరం లేదు, దానిలోకి ఓ రెండు చెంబుల నీళ్లు పోయండి. ట్రాప్ అడుగున 2 అంగుళాల నీళ్లు నిలిచి ఉంటేనే కింది వాసనకి అడ్డం. పొడి భాగంలో ట్రాప్‌కి నీళ్లు చేరక అది ఎండిపోతుంది, ఆ దారిన గాలీ పురుగులూ పైకి వస్తాయి. వాష్ బేసిన్ నీళ్లు దానిలోంచే పోయేలా కలిపితే ఎప్పుడూ నిండుగా ఉంటుంది. ఖమ్మం వారికి మాత్రం ఒక్క ట్రాప్ చాలు, చివరి గోడ వారగా. పొడవాటి జాలీ వేయించుకుంటే నేలంతా ఒకే దిక్కుకి వాలుతుంది, టైల్ కోతలు ఉండవు. మూలలో గుండ్రటి జాలీ అయితే రెండు దిక్కులకీ వాలాలి, అప్పుడు తడి భాగంలో అడుగు టైల్స్‌కి మించకండి, పెద్ద టైల్ ఏదో ఒక అంచున పైకి లేస్తుంది.

డల్లాస్_తెలుగు:
మా అపార్ట్‌మెంట్ బాత్రూంలో టబ్‌కి తప్ప నేలకి తూమే లేదు. అమ్మ ఇండియా నుంచి వచ్చినప్పుడు టబ్ బయట మగ్గుతో కాళ్లు కడుక్కుంది, నీళ్లు బెడ్‌రూం కార్పెట్ కిందికి వెళ్లి మూడు రోజులు ఫ్యాన్లు పెట్టి ఆరబెట్టాం. పొడి బాత్రూం అంటే వాడే వాళ్ల అలవాటు కూడా పొడిగా ఉండాలి. మీ అమ్మగారు బకెట్ స్నానం మానరు కదా, కాబట్టి నేను 22ఏళ్ళ అన్న వైపే.

ఇంటీరియర్_రవళి:
పొడి భాగానికి కొంచెం వాటం సరే, ఒప్పుకుంటాను. కానీ గాజు లేకుండా చిందడం ఎలా ఆపుతారు? మగ్గుతో తల మీద పోసుకుంటే 3 అడుగులు దాటి పడతాయి. కమోడ్ సీటు తడిగా ఉంటే పెద్దవాళ్లు దాని మీద ఎలా కూర్చుంటారు?

సైట్‌లో_22ఏళ్ళు:
న్యాయమైన ప్రశ్న. నిలబడి పోసుకుంటే దాటుతాయి, కూర్చుని పోసుకుంటే చాలా తక్కువ. అడ్డం కావాలంటే తలుపు లేని గాజు పలక ఒకటి, కమోడ్ వైపు గోడకి 20 అంగుళాలే. మిగిలిన 28 అంగుళాలూ దారి. గాజు తలుపు మాత్రం వద్దు. 3 అడుగుల అరలో స్టూల్, బకెట్, అమ్మ, అవసరమైతే సాయానికి ఇంకో మనిషి పట్టాలి. ఖమ్మంలో బోరు నీళ్లయితే నాలుగు నెలల్లో గాజు మీద తెల్ల మరకలు, రోజూ తుడిచే ఓపిక ఉందో లేదో ఇంట్లో అడగండి. నా వరకు కర్టెన్ చాలు. అయినా ఇది ఎవరిష్టం వాళ్లది.

గాజు పట్టాలని మధ్యలో గట్టు మాత్రం కట్టకండి. ఆ మోకాలితో నడిచేటప్పుడు కాలు తగిలి పడిపోవడానికి ఒక అంగుళం గట్టైనా చాలు.

అసలు పెద్ద తగాదా తలుపుది. ఈ సాయంత్రం ఒక పని చేయండి. నేల మీద చాక్‌పీసుతో కమోడ్ బొమ్మ గీయండి. పొడవు గోడ నుంచి 27 అంగుళాలు ముందుకు వస్తుంది, వెడల్పు 14, మధ్య గీత తలుపు గోడ నుంచి 33 అంగుళాల దగ్గర. తలుపు 30 అంగుళాలది అనుకుందాం. కమోడ్‌కి ఎదురు గోడ నుంచి 4 అంగుళాలు వదిలి, బందు వచ్చేచోట మేకు పెట్టి, 30 అంగుళాల దారం కట్టి చాక్‌తో తిప్పండి. ఆ గీత కమోడ్ మూలకి అంగుళం దూరంలోంచి పోతుంది. కాగితం మీద ఖాళీ ఉన్నట్టే. కానీ కమోడ్ మీద కూర్చున్న మనిషి మోకాళ్లు, పాదాలు ఎక్కడుంటాయి? తలుపు వైపు మోకాలు, పాదం ఆ గీత లోపలికే వస్తాయి. అక్కడ ఎవరైనా పడిపోతే తలుపు వాళ్లకే ఆనుకుని తెరుచుకోదు, బయట నుంచి తోసేకొద్దీ దెబ్బే. అందుకే బయటికి తెరుచుకోవాలి, గడియ కూడా బయట నుంచి నాణెంతో తిప్పితే వచ్చే రకం పెట్టాలి.

బెజవాడ_శ్రీలక్ష్మి:
బయటికి తెరిస్తే తలుపు లోపలి వైపు నీళ్లు బెడ్‌రూంలో కారవా? మా అక్కవాళ్ల ఇంట్లో తలుపు ముందు ఎప్పుడూ గోనెపట్టా ఉంటుంది.

సైట్‌లో_22ఏళ్ళు:
మీ అక్కగారింట్లో షవర్ తలుపు పక్కనే ఉండి ఉంటుంది. ఇక్కడ స్నానం 4 అడుగుల అవతల, తలుపు తడవదు. స్నానం చివరకి నెట్టమన్నది అందుకే కూడా.

ఇక గాలి. నేషనల్ బిల్డింగ్ కోడ్ బాత్రూంకి 0.37 చదరపు మీటర్ల కిటికీ అడుగుతుంది, అంటే సుమారు 4 చదరపు అడుగులు. మీది 3. గోడలు ఇంకా పచ్చిగానే ఉన్నాయి కదా, వీలైతే పైకి అర అడుగు పెంచండి, 2 బై 2 అవుతుంది. వీలుకాకపోతే కనీసం గాజు పలకలు మొత్తం తెరుచుకునేవి పెట్టించండి. రవళి గారు చెప్పిన ఫ్యాన్ మంచిదే, కానీ గాలి లోపలికి రావడానికి దారి లేకపోతే ఫ్యాన్ ఊరికే తిరుగుతుంది. తలుపు కింద ముప్పావు అంగుళం సందు వదలండి. తెలుసుకోవడం తేలిక. తలుపు మూసి, లోపల కూర్చుని, ఆ సందు దగ్గర అగరుబత్తి పట్టండి. పొగ లోపలికి వంగి వెంటిలేటర్ వైపు లేస్తే గాలి ఆడుతున్నట్టు. నిటారుగా నిలిస్తే లేదు. గ్యాస్ గీజర్ ఆలోచన ఉంటే మాత్రం బాత్రూం లోపల అసలు వద్దు, బయట గోడకి పెట్టి పైపు తీసుకోండి. ఆ మంట వల్ల పుట్టే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, మనిషికి తెలిసేలోపే స్పృహ పోతుంది.

ఇంటీరియర్_రవళి:
తలుపు, గాలి విషయంలో మీతో ఉన్నాను. గాజు మీద మాత్రం నా మాట మార్చుకోను, కర్టెన్ తడికి ఒంటికి అంటుకుంటుంది, నెలకి బూజు పడుతుంది.

ఖమ్మం_కొత్తిల్లు:
చాక్‌తో గీశాను. అమ్మని కుర్చీ వేసి కమోడ్ చోట కూర్చోబెడితే తలుపు వైపు పాదం నిజంగానే గీత లోపలికి వచ్చింది, మేస్త్రి కూడా చూసి సరేనన్నాడు. వెంటిలేటర్ పైకి పెంచడానికి లింటెల్ అడ్డం వస్తోంది, కిందికి పెంచితే పక్కింటి మేడ నుంచి కనిపిస్తుందని నాన్న అంటున్నారు. తలుపు బయటికి తెరిస్తే అమ్మ బీరువాకి నాలుగు అంగుళాల్లో తగులుతోంది. బందులు రెండోవైపు మార్చాలా, బీరువా జరపాలా అని రేపు వడ్రంగిని పిలిచాను. ట్రాప్ ఎత్తు మాత్రం 40 లెక్కతో ప్లంబర్‌కి ఇప్పుడే ఫోన్ చేసి చెప్పాను.