ఎప్పుడూ ఆలస్యంగా వచ్చే స్నేహితురాలికి ఎలా చెప్పాలి?

నీలిగువ్వ: పదేళ్ల స్నేహం మాది. ఎక్కడ కలుద్దామన్నా తను 40 నిమిషాలు ఆలస్యం. పోయిన వారం సినిమా సగం అయ్యాక వచ్చింది. చెప్తే నొచ్చుకుంటుందేమో, చెప్పకపోతే నాకు లోపల ఉడికిపోతోంది. ఎలా చెప్పాలి?

పాతకాపు: చెప్పడం దేనికండీ? ఆరున్నరకి రావాలంటే ఆరుకి రమ్మనండి. మా బావమరిదితో నేను చేసేది అదే.

తీరిక: అది రెండుసార్లు పనిచేస్తుంది. సంగతి తెలిసిన రోజు నుంచి మీరు చెప్పిన టైముకి ఆయన ఇంకో అరగంట కలుపుకుంటాడు.

పాతకాపు: మూడేళ్లుగా తెలియలేదు.

గడియారంముల్లు: నీలిగువ్వ గారూ, తను ఆయాసపడుతూ వచ్చిన నిమిషంలో మాత్రం ఎత్తకండి. మీరు కోపంగా ఉంటారు, తను సారీ అనేస్తుంది, విషయం అక్కడితో మూతపడుతుంది. ఒకటి రెండు రోజులు ఆగి, ఇద్దరే ఉన్నప్పుడు ఆ సినిమా సంగతి ఒక్కటే తీయండి. ‘బయట నిలబడి నీకోసం చూశాను, మొదటి సగం పోయింది, నాకు కష్టంగా అనిపించింది’ అంటే చాలు. ‘నువ్వెప్పుడూ ఇంతే’ అన్నారో, తను టైముకి వచ్చిన ఆ ఒక్క రోజూ వెతికి చూపిస్తుంది. ఇక వాదన దాని మీదే.

తర్వాత ‘బయల్దేరే ముందు ఏమవుతోంది?’ అని అడిగి, ఊరుకోండి. చాలామంది దారిలో పట్టే టైమే లెక్కేస్తారు. తాళాలు వెతకడం, మధ్యలో వచ్చిన ఫోను, బండి పెట్టడానికి చోటు చూసుకోవడం లెక్కలోకి రావు. ఇదే పని పోయినసారి ఎంతసేపు పట్టిందో వదిలేసి, అన్నీ సాఫీగా జరిగితే ఎంత పడుతుందో అదే అంచనా వేస్తాం. కానెమన్, ట్వెర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లోనే దీని గురించి రాశారు. అందుకే ‘ఈసారి తొందరగా వస్తా’ అనే మాట తీసుకోకండి. ‘పోయిన మూడుసార్లు ఇంట్లోంచి ఎన్నింటికి కదిలావు?’ అని అడగండి.

చివరగా మీరేం చేస్తారో చెప్పండి. ‘15 నిమిషాలు చూసి నేను లోపలికి వెళ్తాను, టికెట్ నీ ఫోన్‌కి పంపిస్తాను.’ అన్నాక వెళ్లాలి మరి. వెళ్లకపోతే చెప్పిందంతా వృథా.

పాతకాపు: ఇంత తతంగం కంటే నా అరగంట నయం.

ఆలస్యరావు: నేను ఆ లేటుగా వచ్చే రకం. గ్రూపులో నా మీద జోకులేసేవాళ్లు, నేనూ నవ్వేవాణ్ని. తర్వాత వెళ్లడమే మానేశాను. నాకు ఏడీహెచ్‌డీ అనే, ధ్యాస నిలవని సమస్య ఉందని డాక్టరు చెప్పింది ఆ తర్వాతే. పది నిమిషాలు గడిచాయో గంట గడిచిందో నాకు నిజంగా తెలీదు. ఒక్కడు పక్కకి పిలిచి అడిగుంటే బాగుండేది.

పాతకాపు: అన్నిటికీ ఓ జబ్బు పేరు! సాకులు.

ఆలస్యరావు: మీరు నన్ను చూశారా, నా బాధ చూశారా?

పాతకాపు: చూడక్కర్లేదు. మా నాన్న పోయిన రోజు ఒక్కడే స్నేహితుడు వస్తానన్నాడు. అంతా అయిపోయాక వచ్చాడు. వాడూ ట్రాఫిక్ అనే చెప్పాడు. ఆ తర్వాత వాడితో మాట్లాడలేదు.

తీరిక: అయ్యో. ఆయనతో ఈ మాట అన్నారా?

పాతకాపు: అనలేదు.

గడియారంముల్లు: ఆలస్యరావు గారూ, కారణం తెలిసినా ఎదురుచూసిన వాళ్ల గంట తిరిగి రాదు. కానీ చేయాల్సింది మారుతుంది. మీలాంటివారికి మాటకంటే బయల్దేరే టైముకి ఒక ఫోన్ కాల్ ఎక్కువ ఉపయోగం.

నీలిగువ్వ: ఇందాకటి నుంచి ఒకటి దాస్తున్నాను. తను ఆఫీసుకి ఒక్క నిమిషం ఆలస్యంగా వెళ్లదు. మిగతా ఫ్రెండ్స్ దగ్గరికీ టైముకే వెళ్తుంది. ఆలస్యం నా దగ్గరికే.

గడియారంముల్లు: అయితే నేను రాసినదాంట్లో సగం మీకు పనికిరాదు. తాళాలు వెతకడం అన్ని చోట్లకీ ఒకటేగా. మీకు అసలు నొప్పి 40 నిమిషాలది కాదు, ‘నేను దీనికి లెక్కలేదా’ అన్నది. అదే అడగండి. కానీ అది మీ ఊహ, ఊహలాగే చెప్పండి. ‘నాకిలా అనిపిస్తోంది, నిజమేనా?’ అని.

ఆలస్యరావు: నేను బాగా దగ్గరివాళ్ల దగ్గరికే ఎక్కువ లేటు. వాళ్లు ఎక్కడికీ పోరన్న ధీమా.

తీరిక: అది వినడానికి బాగుంది, నిలబడే వాళ్లకి బాగోదు.

నీలిగువ్వ: ఇప్పుడే పాత మెసేజ్‌లు చూశాను. సినిమా రోజు కూడా ‘పర్లేదు, మెల్లగా రా’ అని నేనే పెట్టాను. అంతకు ముందువన్నీ అదే. ఆదివారం నాలుగుకి కలుస్తున్నాం, మాట్లాడతాను.

పాతకాపు: తనకి మూడున్నర అని చెప్పండి.