అప్‌డేట్: హాప్టోగ్లోబిన్ సరే, మూత్రం ఏమి చెప్పింది?

నేను అడిగింది: “కృత్రిమ గుండె కవాటం ఉన్న రోగికి రక్తహీనత. హాప్టోగ్లోబిన్ కొలతకు అందనంత తక్కువ, కణాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్ ఎల్‌డీహెచ్ 1,840. ఎర్రకణాలు రక్తనాళాల్లోనే పగులుతున్నాయని తేల్చవచ్చా?”

ఆ రెండింటితోనే తేల్చకూడదని ఇప్పుడు అర్థమైంది. ప్లీహంలో మాక్రోఫేజులు కణాలను మింగినప్పుడు కూడా కొంత హీమోగ్లోబిన్ బయటికి జారుతుంది, హాప్టోగ్లోబిన్ దాన్ని పట్టుకుని తానూ ఖర్చయిపోతుంది. ఎల్‌డీహెచ్ ఇంతగా పెరిగితే నాళాల వైపు అనుమానం మొగ్గుతుంది, అంతే.

మూత్రం ముదురు గోధుమరంగులో ఉంది. స్ట్రిప్‌పై రక్తం గట్టిగా పాజిటివ్, మైక్రోస్కోప్ కింద మాత్రం ఎర్రకణాలు లేవు. దెబ్బతిన్న కండరాల నుంచి వచ్చే మయోగ్లోబిన్ అయినా స్ట్రిప్ అలాగే చెబుతుంది కదా! కాబట్టి రక్తాన్ని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి చూశాం: ప్లాస్మా గులాబీరంగు. మయోగ్లోబిన్ అయితే ప్లాస్మా తేటగా ఉండేది. సూదితో లాగేటప్పుడే కణాలు పగిలాయేమోనని పెద్ద సిర నుంచి నెమ్మదిగా మళ్లీ తీశాం; మళ్లీ గులాబీయే. ప్లాస్మాలో స్వేచ్ఛా హీమోగ్లోబిన్ కూడా బాగా ఎక్కువగా వచ్చింది.

నాకు బాగా నచ్చింది హీమోసిడెరిన్ పరీక్ష. వడకట్టుకుని వచ్చిన హీమోగ్లోబిన్‌ను మూత్రపిండ నాళికల కణాలు పీల్చుకుని ఇనుమును హీమోసిడెరిన్‌గా దాచుకుంటాయి, కొన్ని రోజులకు అవే రాలిపోతాయి. అందుకే మొదటిరోజు ఇది నెగటివ్‌గా రావచ్చు, మూత్రం తేటపడ్డాక కూడా పాజిటివ్‌గా మిగలవచ్చు. మా స్లైడుపై ప్రష్యన్ బ్లూ రంగుతో కణాల్లో నీలి రేణువులు స్పష్టంగా కనిపించాయి.

స్మియర్‌లో ముక్కలైన ఎర్రకణాలు, ఎర్రకణాలకు అంటుకున్న యాంటీబాడీలను వెతికే కూంబ్స్ పరీక్ష నెగటివ్. ఎకోలో కవాటం అంచు పక్కగా లీకు. ఇనుము నిల్వను చూపే ఫెరిటిన్ తక్కువగా ఉండటానికీ కారణం దొరికింది: ఇనుము మూత్రంలో పోతోంది.