డక్ హంట్ తుపాకీ కొత్త టీవీలో పేలకపోవడానికి కారణం ఆలస్యమా, తెరా?

కాకినాడ వాసి: అటక మీది నింటెండో పెట్టెను, దాని జాపర్ తుపాకీని దింపి 43 అంగుళాల ఎల్‌ఈడీ టీవీకి తగిలించాను. బాతులను కాల్చే డక్ హంట్ ఆట నడుస్తోంది కానీ ఒక్క బాతూ పడడం లేదు. తప్పు తుపాకీదా, టీవీదా?

గేమ్ మోడ్: టీవీదేనండీ. ట్రిగ్గర్ నొక్కగానే ఆట తెరను ఒక ఫ్రేము నల్లగా చేసి, ఆ వెంటనే బాతు ఉన్న చోట తెల్లని చతురస్రం వేస్తుంది. ఆ క్షణంలో తుపాకీకి వెలుతురు కనిపిస్తేనే దెబ్బ తగిలినట్టు లెక్క. కొత్త టీవీ బొమ్మను కాసేపు దాచుకుని చూపిస్తుంది కాబట్టి, చతురస్రం తెర మీదికి వచ్చేసరికి ఆట చూడడం మానేసి ఉంటుంది. టీవీ సెట్టింగుల్లో ఆలస్యాన్ని తగ్గించే గేమ్ మోడ్ పెట్టండి, సరిపోతుంది.

రిపేరు మేస్త్రి: మొదటి సగం నిజమే, చివరి మాట కాదు. ఒక ఫ్రేము ఉండేది సుమారు 16.7 మిల్లీసెకన్లే, గేమ్ మోడ్ ఆలస్యాన్ని తగ్గిస్తుందే తప్ప పూర్తిగా తీసేయదు. సరే, తీసేసిందనే అనుకుందాం, అప్పుడూ జాపర్ పేలదు. పాత డబ్బా టీవీ పిక్చర్ ట్యూబులో ఎలక్ట్రాన్ పుంజం సెకనుకు దాదాపు 15,700 గీతలు గీస్తుంది, గీసిన చోటు మెరిసి వెంటనే మసకబారుతుంది. జాపర్ లోపలి సర్క్యూట్ ఆ వేగంతో మినుకుమనే వెలుతురునే లెక్కలోకి తీసుకుంటుంది. బల్బు వైపు గురిపెట్టి మోసం చేయకుండా పెట్టిన కాపలా అది. మీ ఎల్‌ఈడీ టీవీలోని ఎల్‌సీడీ తెర బొమ్మను ఫ్రేమంతా నిలకడగా పట్టి ఉంచుతుంది కనుక, ఎంత తెల్లగా వెలిగినా దానికి చీకటితో సమానం. ఫోనులో స్లో మోషన్ పెట్టి రెండు టీవీలనూ తీసి చూడండి: పాతదానిలో వెలుగు పట్టీ ఒకటి కిందికి జారుతూ కనిపిస్తుంది, కొత్తదానిలో ఆ పట్టీయే ఉండదు.

హ్యూస్టన్ అన్నయ్య: మా ఇంట్లో నింటెండో వీ ఆటపెట్టె రిమోట్ ఏ టీవీలోనైనా చక్కగా పనిచేస్తోంది కదా! సెన్సార్ బార్ ఊడిపోతే రెండు కొవ్వొత్తులు పెట్టి కూడా ఆడాం.

రిపేరు మేస్త్రి: అన్నయ్యగారూ, అది వేరే పద్ధతి. ఆ బారులో ఉన్నవి ఇన్‌ఫ్రారెడ్ దీపాలే, చూసే కెమెరా రిమోట్‌లో ఉంది. అది తెర వైపు చూసినా తెరను చదవదు. అందుకే కొవ్వొత్తి సరిపోయింది.

గేమ్ మోడ్: ఒప్పుకుంటాను, కానీ ఒక్క సందేహం. తొంభైలలో క్యాసెట్ గేముతో వచ్చిన నకలు తుపాకీ ఒకటి నా దగ్గర ఉంది; అది ట్యూబ్‌లైటుకూ స్పందిస్తుంది. అలాంటిదానికి అడ్డు ఆలస్యం ఒక్కటే కాదా?

రిపేరు మేస్త్రి: ఆ తుపాకీ వరకు మీదే గెలుపు. ఆలస్యానికి తగ్గట్టు ఆగి చూసేలా ఆట ప్రోగ్రామును మార్చితే అది పేలవచ్చు. జాపర్‌కైతే లోపలి సర్క్యూట్‌నూ మార్చాలి. నింటెండోదే అయిన సూపర్ స్కోప్ లాంటి తుపాకులకు ఈ చిట్కా కూడా పనికిరాదు: పుంజం తన ముందుకు వచ్చిన క్షణాన్ని బట్టి అవి గురి లెక్కిస్తాయి, కొత్త తెరలో ఆ పుంజమే లేదు.

గేమ్ మోడ్: మరి ఓఎల్‌ఈడీలో పట్టీ జారినట్టు చూపిస్తే?

రిపేరు మేస్త్రి: జాపర్‌కు కావలసింది గీత గీతకూ మెరుపు. అంత సన్నని పట్టీ వస్తుందని నాకు నమ్మకం లేదు. మీరు చేసి చూపిస్తే మాట వెనక్కి తీసుకుంటాను.

కాకినాడ వాసి: పక్కింటివారి పాత డబ్బా టీవీ తెచ్చి పెట్టాను. మొదట పేలలేదు, బ్రైట్‌నెస్ పెంచాక నాలుగో గుండుకు బాతు పడింది. తుపాకీ బాగానే ఉంది.